రష్యా గ్రూప్ చాట్‌లో మొదటి మెసేజ్: 'నేను హర్ష' అనడానికి ఇంత కథ ఎందుకు?

హర్ష అనే కుర్రాడు ఉన్నాడనుకుందాం. విజయవాడలో ఇంటర్ చదివాడు. రష్యాలో ఒక ఏడాది పద్‌ఫాక్‌లో, అంటే విదేశీ విద్యార్థులకు రష్యన్ నేర్పే సన్నాహక విభాగంలో కూర్చుని, సెలవులకు ఇంటికొచ్చాడు. వీసా పని ఆలస్యమై సెప్టెంబరు రెండో వారంలో తిరిగి వెళ్లాడు. ఈసారి ఇంజినీరింగ్ మొదటి సంవత్సరం, అంతా రష్యన్ పిల్లలే ఉన్న గ్రూపు. హాస్టల్ గదిలో పెట్టె విప్పుతుండగా ఫోన్ మోగింది. ఎవరో అమ్మాయి తనను ఒక చాట్‌లో చేర్చింది. అందులో ఇరవై మందికి పైగా ఉన్నారు. ఎవరూ ఏమీ అనలేదు. తనే ఏదో ఒకటి రాయాలి.

ఇంగ్లిష్ మీడియం మెడిసిన్‌కి వెళ్లినవాళ్లకు ఈ టెన్షన్ తక్కువ. వాళ్ల గ్రూపులో చాలాసార్లు అందరూ మనవాళ్లే ఉంటారు, 'హాయ్ అన్నా, ఏ ఊరు?' అంటే సరిపోతుంది. రష్యన్ గ్రూపులో ఒక్కరే తెలుగువాళ్లుగా పడ్డవాళ్ల సంగతి వేరు. పద్‌ఫాక్‌లో ఏడాది చదివితే రోజువారీ సంభాషణకు సరిపడా భాష వస్తుంది. కానీ చాట్‌లో ఎలా మాట్లాడాలో ఏ పాఠ్యపుస్తకమూ సరిగ్గా చెప్పదు.

ముందు అది ఎవరి చాటో తెలుసుకోవాలి. రష్యా యూనివర్సిటీలో గ్రూపు అంటే వాట్సాప్ గ్రూపు కాదు, ఒకే టైంటేబుల్‌తో కలిసి చదివే తరగతి. దానికో నంబరుంటుంది, ఒక స్తారస్తా ఉంటారు. స్తారస్తాను మన క్లాస్ లీడర్ అనుకుంటే తక్కువ చేసినట్టే. హాజరు రిజిస్టరు చూసుకునేది, డీన్ ఆఫీసు అంటే దెకనాత్ నుంచి వచ్చిన కబురు అందరికీ చేరవేసేది, ఎవరి కాగితాలు అందలేదో గుర్తుచేసేది ఆ ఒక్క మనిషే. వయసు మాత్రం మీతో సమానం, చదువు కూడా మీతోనే. హర్షను చాట్‌లో చేర్చిన అమ్మాయి స్తారస్తాయే. ఆమె దగ్గర ఒక పేర్ల జాబితా ఉంది, అందులో హర్ష పేరు పక్కన ఫోన్ నంబరు ఖాళీగా ఉంది. అతని మొదటి మెసేజ్ ముందుగా తీర్చాల్సిన అవసరం అదే: జాబితాలో ఉన్న ఆ పేరు ఈ చాట్‌లోకి వచ్చిన ఈ మనిషిదేనని తెలియాలి.

ఇంకో చిక్కుంది. చాలా గ్రూపులకు రెండు చాట్‌లుంటాయి. ఒకదాంట్లో కురాతర్ ఉంటారు, అంటే ఆ గ్రూపు బాగోగులు చూసే టీచర్. రెండోదాంట్లో పిల్లలు మాత్రమే. జోకులు, తిట్లు, హోంవర్క్ ఫోటోలు ఈ రెండోదాంట్లో తిరుగుతాయి. కొత్తవాళ్లను సాధారణంగా మొదటిదాంట్లోనే చేరుస్తారు, రెండోది ఎవరికైనా గుర్తొచ్చినప్పుడు. అందుకే రాసే ముందు సభ్యుల జాబితా ఒకసారి చూడాలి. ఎవరి పేరైనా 'ఎలీనా విక్తరవ్నా' లాగా రెండు ముక్కల్లో కనిపించి, రెండోది 'వ్నా'తోనో 'విచ్'తోనో ముగిసిందంటే ఆమె లేదా ఆయన దాదాపు ఖాయంగా టీచరే. ఆ రెండో ముక్క తండ్రి పేరు నుంచి వచ్చేది, దాన్ని ఓత్చెస్త్వా అంటారు. తోటి విద్యార్థులు దాన్ని పెట్టుకోరు. కాత్యా, సాషా, దీమా అని పొట్టి పేర్లే ఉంటాయి.

యాప్ ఏదన్నది కూడా ఇప్పుడు ఊరూరికీ మారుతోంది. పాతకాలం నుంచి వికె ఉంది, అక్కడి గ్రూప్ చాట్‌ను బెసేదా అంటారు. తర్వాత టెలిగ్రామ్ వచ్చింది. 2025 ఆగస్టులో వాట్సాప్, టెలిగ్రామ్ కాల్స్ మీద రష్యాలో ఆంక్షలు పెట్టాక చాలాచోట్ల మాక్స్ అనే స్వదేశీ యాప్‌కి మారుతున్నారు. ఏ యాప్ అయినా మెసేజ్ మాత్రం అదే.

హర్ష గబగబా ఒకటి తయారు చేసుకున్నాడు. పద్‌ఫాక్‌లో తనకన్నా ముందు చదివిన ఒక అక్క నిరుడు పంపిన మెసేజ్‌ను ముందు పెట్టుకుని, తెలుగులో అనుకున్నవి కొన్ని దానికి కలిపాడు. పంపే ముందు మనం చూద్దాం:

```
Здравствуйте, уважаемые друзья.
Я сам Харша. Я приехала из Индии.
Я учился в колледже в Виджаяваде.
Прошу вашей любви и поддержки.
```

ఇందులో స్పెల్లింగు తప్పు ఒక్కటీ లేదు. అయినా చదివిన రష్యన్ కుర్రాళ్లకు ఒక్క క్షణం తల తిరుగుతుంది. పై నుంచి కిందికి ఒక్కో లైనూ విప్పుదాం.

'జ్‌ద్రాస్త్‌వుయ్‌తె, ఉవజాయెమియె ద్రుజ్యా' అంటే 'నమస్కారం, గౌరవనీయులైన మిత్రులారా'. మైకు ముందు నిలబడ్డవాడి మాట ఇది. పద్దెనిమిదేళ్ల పిల్లలు ఒకరినొకరు గౌరవనీయులు అనుకోరు. పిల్లల చాట్ అయితే 'వ్సెమ్ ప్రివ్యెత్', అంటే 'అందరికీ హాయ్', చాలు. కురాతర్ ఉన్న చాట్ అయితే ఒక్క 'జ్‌ద్రాస్త్‌వుయ్‌తె' చాలు, ఆశ్చర్యార్థకంతో. గౌరవనీయులు రెండు చోట్లా అక్కర్లేదు.

ఇక్కడ నువ్వు, మీరు సంగతి కూడా చెప్పుకోవాలి. రష్యన్‌లో తీ అంటే నువ్వు, వీ అంటే మీరు. మనకున్నట్టే మీరు బహువచనమూ, గౌరవమూ కూడా. కాబట్టి ఇది మనకు సులువే అనిపిస్తుంది. తేడా వాడే చోట వస్తుంది. మనం ఏడాది పెద్దవాళ్లను అన్నా, అక్కా అంటాం, కొంచెం పెద్దగా కనిపిస్తే మీరు అంటాం. అక్కడ ఒకే గ్రూపులో ఉన్నవాళ్లు, సైన్యంలో పనిచేసి వచ్చిన ఇరవై నాలుగేళ్లవాడైనా సరే, అందరూ తీ. పేరు పెట్టి పిలవడమే. టీచర్లకు మాత్రం తప్పకుండా వీ, పేరుతో పాటు తండ్రి పేరు కూడా. సార్, మేడమ్ అన్న మాటలకు రష్యన్ తరగతిలో చోటే లేదు. 'ఎలీనా మేడమ్' అని రాస్తే ఆమెకు అర్థమవుతుంది కానీ, పక్కవాడికి నవ్వొస్తుంది.

రెండో లైన్ దగ్గర కాసేపు ఆగాలి. 'యా సామ్ ఖర్షా' అన్నది మన 'మైసెల్ఫ్ హర్ష'కి మక్కీకి మక్కీ. సామ్ అంటే స్వయంగా, తనంతట తాను. ఎవరో హర్ష వస్తాడనుకుంటే హర్షే స్వయంగా వచ్చేశాడన్నమాట. రష్యన్‌లో 'మెన్యా జవూత్ ఖర్షా' అంటారు, 'నన్ను హర్ష అని పిలుస్తారు' అని. 'యా ఖర్షా' అన్నా చెల్లుతుంది.

పేరును రష్యన్ లిపిలో ఎలా రాయాలన్నది సొంతంగా తేల్చుకోవద్దు. రష్యా వీసా మీద మీ పేరు ఇంగ్లిష్ అక్షరాల్లోనూ, రష్యన్ అక్షరాల్లోనూ ఉంటుంది. నోటరీ చేయించిన పాస్‌పోర్టు అనువాదంలోనూ ఉంటుంది. దాన్నే చూసి దించండి. దీప్తి అన్న పేరు ఇంగ్లిష్‌లో రెండు ఈ-లతో ఉంటే ఒక అనువాదకుడు 'దీప్తి' అని, ఇంకొకాయన అక్షరం అక్షరం మార్చి 'దెయెప్త్‌ఖి' అని రాయగలరు. కాగితాల మీద ఒకలా, చాట్‌లో ఒకలా ఉంటే స్తారస్తా మిమ్మల్ని జాబితాలో వెతుక్కోలేదు. కాగితాల్లోనే రెండు రకాలుంటే అది చాట్‌తో పోయేది కాదు, దెకనాత్‌లో చెప్పాల్సిన విషయం.

పేరు వరుస విషయంలో మాత్రం మనం అదృష్టవంతులం. రష్యన్ జాబితాలో ముందు ఇంటిపేరు, తర్వాత పేరు, చివర తండ్రి పేరు. వేమూరి హర్షవర్ధన్ అని ఇంటిపేరు ముందు రాసుకునే అలవాటు మనకు ఎప్పటి నుంచో ఉంది కదా. తండ్రి పేరు గడి దగ్గర గీత గీస్తారు. మీ నాన్న పేరుతో ఓత్చెస్త్వా తయారుచేసుకుని పెట్టుకోవాల్సిన పని లేదు. కాగితాల్లో లేనిది చాట్‌లో పెడితే ఇంకో గందరగోళం.

చాట్‌లో కనిపించే ప్రొఫైల్ పేరు కూడా ముఖ్యమే. తెలుగు లిపిలోనో, కిరీటం బొమ్మతో 'కింగ్' అనో ఉంటే, పైనుంచి మెసేజ్‌లు చదువుకుంటూ వచ్చేవాళ్లకు మీరెవరో తెలియదు. రష్యన్ అక్షరాల్లో పేరు, ఇంటిపేరు పెట్టుకుంటే ఆ గొడవ ఉండదు.

హర్ష అసలు తప్పు ఆ తర్వాతి మాటలో ఉంది. 'యా ప్రియేఖలా'. వచ్చాను అని అతని ఉద్దేశం. రాసింది మాత్రం ఆడపిల్ల వచ్చాను అన్నట్టు. అక్క మెసేజ్ నుంచి దించాడు కదా, ఆమెకు అది సరైన రూపమే.

ఈ తప్పు తెలుగువాళ్లు చేయడానికి కారణం మన వ్యాకరణంలోనే ఉంది. మనకు వాడు వచ్చాడు, ఆమె వచ్చింది అని తేడా ఉంది. కానీ నేను దగ్గరకొచ్చేసరికి ఆ తేడా లేదు. మగవాళ్లయినా ఆడవాళ్లయినా వచ్చాను అనే అంటారు. రష్యన్‌లో భూతకాలం నేనులో కూడా లింగం చెబుతుంది: అబ్బాయి ప్రియేఖల్, అమ్మాయి ప్రియేఖలా. హిందీ బాగా వచ్చినవాళ్లకు 'ఆయా హూఁ', 'ఆయీ హూఁ' అలవాటుంది కాబట్టి తొందరగా పట్టుకుంటారు. మనకు ప్రతిసారీ గుర్తు చేసుకోవాల్సిందే. సంతోషం అనడానికి అబ్బాయి రాద్, అమ్మాయి రాదా. అర్థమైంది అనడానికి అబ్బాయి పోన్యల్, అమ్మాయి పన్యలా. ఈ చివరిది చాట్‌లో రోజుకు పదిసార్లు వాడే మాట, అందుకే ముందు దాన్నే నాలుకకు ఎక్కించుకోవడం మంచిది. అనువాద యాప్‌లు చాలాసార్లు మగ రూపమే ఇస్తాయి, దాన్ని నమ్ముకున్న అమ్మాయిల మెసేజ్ తలకిందులవుతుంది.

హర్ష విషయంలో ఇది ఇంకా ముదురుతుంది, ఎందుకంటే అతని పేరు 'ఆ'తో ముగుస్తుంది. రష్యన్ చెవికి 'ఆ'తో ముగిసే పేరు ముందుగా ఆడపేరులా వినిపిస్తుంది: అన్నా, ఓల్గా, మరీనా. నికీతా, ఇల్యా లాంటి మగపేర్లూ ఉన్నాయి కానీ, అవి వాళ్లకు చిన్నప్పటి నుంచి తెలిసినవి. హర్ష, కృష్ణ, సూర్య, చైతన్య వాళ్లకు కొత్త. పేరు చూసి తేల్చుకోలేనప్పుడు క్రియ వైపు చూస్తారు. పేరూ 'ఆ', క్రియా 'లా' అయితే ఇక అనుమానమే ఉండదు, గ్రూపులోకి కొత్త అమ్మాయి వచ్చిందని ఖాయం చేసుకుంటారు. మర్నాడు క్లాసులో గడ్డంతో హర్ష ప్రత్యక్షమవుతాడు.

వర్తమానంలో, భవిష్యత్తులో ఈ తేడా కనిపించదు. 'ఉచూస్' అంటే చదువుతున్నాను, 'బూదు ఉచీత్సా' అంటే చదవబోతున్నాను, ఎవరైనా ఒకేలా అంటారు. అందుకని భూతకాలాన్నే తప్పించుకుని రాసేవాళ్లున్నారు. కిరణ్ అనే అబ్బాయికి అది పని చేస్తుంది, హల్లుతో ముగిసే పేరు వాళ్లకు మగపేరులాగే వినిపిస్తుంది. అదే పేరున్న అమ్మాయికి, హర్ష లాంటి అబ్బాయికి మాత్రం దాక్కోవడం కన్నా ఒక్క భూతకాల క్రియను సరిగ్గా వాడడమే మేలు. 'ప్రియేఖల్' అన్న ఒక్క మాటతో ఎవరూ అడగకుండానే విషయం తేలిపోతుంది.

ఇంకో సంగతి. 'ఆ'తో ముగిసే పేరుకు విభక్తులు తగులుతాయి. చాట్‌లో రేపు ఖర్షె, ఖర్షు, ఖర్షెయ్ అని కనబడితే వేరే ఎవరో అనుకోకండి. హర్షకి, హర్షని, హర్షతో అని మనం అన్నట్టే వాళ్లూ అంటున్నారు. దీప్తి, స్వాతి లాంటి పేర్లు మారవు. హరి అన్న పేరుంటే మాత్రం ముందే చెబుతున్నా: రష్యన్‌లో ఖార్యా అంటే మూతి అని మోటుగా చెప్పే మాట, దాని ఒక రూపం అచ్చం 'ఖారి'. ఎవడో ఒకడు నవ్వుతాడు. పూర్తి పేరు శ్రీహరో, హరిప్రసాదో అయితే దాన్నే వాడుకోండి.

మూడో లైన్లో వ్యాకరణం తప్పు లేదు, అర్థమే తప్పు. ఇంటర్ చదివిన చోటును మనం కాలేజీ అంటాం. రష్యాలో కలేద్జ్ అంటే నర్సింగ్, వంట, వెల్డింగ్, అకౌంట్స్ లాంటి వృత్తివిద్య నేర్పే చోటు. స్కూలు తొమ్మిదో తరగతి తర్వాత అటు వెళ్లేవాళ్లు చాలామంది. హర్ష 'కలేద్జ్‌లో చదివాను' అంటే ఏ పని నేర్చుకున్నావని అడుగుతారు. ఎంపీసీ అని ఆ ప్రశ్నకు జవాబు చెప్పలేడు. రష్యాలో పదకొండో తరగతి దాకా స్కూలే కాబట్టి, మన ఇంటర్‌ను కూడా ష్కోలా అనేస్తే వాళ్లకు సరిగ్గా అర్థమవుతుంది. అసలైతే మొదటి మెసేజ్‌లో ఈ లైనే అక్కర్లేదు. మార్కులు, ర్యాంకు, ఏ కార్పొరేట్ కాలేజీ అన్నది అక్కడ ఎవరికీ పట్టదు.

దేశం పేరు దగ్గర ఒక్క అక్షరం జాగ్రత్త. భారతీయుడు, అమెరికా ఆదివాసీ అన్న రెండు మాటలకు తేడా అంతే:

```
индиец  – భారతదేశం నుంచి వచ్చినవాడు
индеец  – అమెరికా ఆదివాసీ
```

రష్యన్లు కూడా తడబడే జంట ఇది. అమ్మాయిలకు రెండింటికీ ఒకటే మాట, ఇందియాన్కా. అందుకే ఈ మాటలు పక్కనపెట్టి 'యా ఇజ్ ఇందీయి', నేను ఇండియా నుంచి, అనడం అన్నిటికన్నా సుఖం. ఊరి పేరు కలిపితే అదీ విభక్తితో రావాలి: ఇజ్ విజయవాది, ఇజ్ గుంతూరా, ఇజ్ హైదరాబాదా. విజయవాడ ఎక్కడని అడిగితే 'నా యూగె ఇందీయి', ఇండియా దక్షిణాన, అని చెప్పొచ్చు. మీ భాష హిందీ కదా అని ఎవరో అంటారు. తెలుగు అని చెబితే కొత్త మాట విన్నట్టు చూస్తారు, దాని గురించి చాట్‌లో వ్యాసం మొదలుపెట్టకండి.

ఇక నాలుగో లైన్, 'మీ ప్రేమాభిమానాలు, సహకారం కోరుతున్నాను'. మనకిది మర్యాద. ఎవరి ఇంటికి కొత్తగా వెళ్లినా, ఏ సంఘంలో చేరినా ఇలాగే అంటాం. రష్యన్‌లో 'ప్రషూ వాషెయ్ లుబ్వీ' అని చాట్‌లో పెడితే ఎన్నికల కరపత్రానికీ ప్రేమలేఖకూ మధ్య ఎక్కడో పడుతుంది. వినయం చూపించాలంటే వేరే దారి ఉంది. తనకు భాష ఇంకా పూర్తిగా రాలేదని ఒక్క ముక్కలో చెప్పేయడమే. 'రాసేదానికన్నా బాగా అర్థమవుతుంది' అన్న వాక్యం చాలా పని చేస్తుంది. మెల్లగా రాస్తాడు, కంగారు పెట్టకూడదు అని వాళ్లకు తెలుస్తుంది. అర్థం కాదనుకుని తనను వదిలేయరు కూడా.

ఆ వాక్యం చివర హర్ష ఏం పెట్టాలన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది, కాదు. రష్యన్లు నవ్వుకు బొమ్మ కన్నా ఎక్కువగా మూసే బ్రాకెట్టు వాడతారు, ముందు కోలన్ లేకుండా, ఉత్త `)` ఒక్కటే. వాళ్ల కీబోర్డులో కోలన్ షిఫ్ట్‌తో 6 మీద, బ్రాకెట్లు షిఫ్ట్‌తో 9, 0 మీద ఉంటాయి. కోలన్ కోసం వెతుక్కునే శ్రమ లేకుండా అది రాలిపోయిందని చెబుతారు. ఒక బ్రాకెట్టు అంటే చిరునవ్వు, మాటలోని కరుకుదనాన్ని తీసేస్తుంది. రెండు మూడు పెడితే నవ్వొస్తోందని. ఆరేడు పెడితే మీ వయసు మీద అనుమానం వస్తుంది, ఆంటీలు రాసే పద్ధతి అది. తెరిచే బ్రాకెట్టు `(` అయితే దిగులు. కొత్తగా చూసేవాళ్లు బ్రాకెట్టు ఎక్కడో తెరిచి ఉంటుందని మెసేజ్ మొత్తం వెతుకుతారు. దొరకదు.

దీనికి ఎదురు చివర ఫుల్‌స్టాప్ ఉంది. ఒకే లైను మెసేజ్ చివర చుక్క పెడితే కుర్రకారుకు ముభావంగా, ఒక్కోసారి కోపంగా వినిపిస్తుంది. హర్ష మొదటి మెసేజ్‌లో ప్రతి లైనూ చుక్కతో ముగిసింది, అందుకే అది దరఖాస్తులా ఉంది. మరి ఎప్పుడైనా చుక్క పెట్టకూడదా అంటే, రెండు మూడు వాక్యాల మెసేజ్‌లో మధ్యలో పెట్టాల్సిందే. చివరిది మాత్రం వదిలేయండి.

ఇంత చేసినా ఒక లోటుంది. ఉత్త పరిచయానికి జవాబు చెప్పడం కష్టం. మన గ్రూపుల్లో 'వెల్‌కమ్ బ్రో' నలభై సార్లు వస్తుంది, మర్నాడు పూల బొమ్మలతో గుడ్ మార్నింగ్ మొదలవుతుంది. అక్కడ ఇద్దరు ప్రివ్యెత్ అంటారు, నలుగురు హార్ట్ రియాక్షన్ పెడతారు, అంతే. అది చల్లదనం కాదు, వాళ్ల మామూలు. చాట్ కదలాలంటే మెసేజ్ చివర ఒక చిన్న ప్రశ్న ఉండాలి. ఒక్క మాటలో జవాబు చెప్పగలిగేది, నిజంగా అవసరమైనది అయ్యుండాలి. పైన పిన్ చేసిన మెసేజ్‌లో, వాళ్ల మాటలో జక్రెప్‌లో, ఆ జవాబు ఉండకూడదు. టైంటేబుల్ ఎక్కడ అని అడిగితే జక్రెప్ చూడు అంటారు.

హర్షకు సరిపోయే ప్రశ్న టైంటేబుల్ లోపలే ఉంది. రష్యా యూనివర్సిటీల్లో క్లాసును పారా అంటారు, అంటే జత. నలభై అయిదు నిమిషాలవి రెండు కలిపి గంటన్నర. టైంటేబుల్ రెండు వారాలకొకటి ఉంటుంది. ఈ వారం సోమవారం ఫిజిక్స్ ల్యాబ్ ఉంటే వచ్చే వారం అదే సమయానికి వేరే ఉంటుంది. చాలాచోట్ల ఈ రెండు వారాలను చిస్లీతెల్, జ్నమెనాతెల్ అంటారు. భిన్నంలో లవం, హారం. గడిని అడ్డంగా గీత గీసి పై సగంలో ఒక వారం, కింది సగంలో ఇంకో వారం రాస్తారు కాబట్టి ఆ పేరు. కొన్ని యూనివర్సిటీల్లో సరి వారం, బేసి వారం అంటారు. మొదటి వారం తప్పిపోయిన కుర్రాడు ఇది అడగడం సహజం. లెక్క తప్పితే తప్పుడు భవనంలో, తప్పుడు క్లాసులో కూర్చుంటాడు.

అడిగేటప్పుడు 'స్కజీతె' అంటే చెప్పండి. 'పద్‌స్కజీతె' అంటే కాస్త అందించండి, గుర్తు చేయండి అన్నట్టు. రెండోదాంట్లో మర్యాద ఎక్కువ, రోడ్డు మీద దారి అడిగేది కూడా దాంతోనే.

ఇవన్నీ కలిపి హర్ష తిరగరాసింది ఇది, పిల్లల చాట్ కోసం:

```
Всем привет! Меня зовут Харша, я из Индии,
из Виджаявады. Буду учиться с вами.
Приехал только вчера, первую неделю пропустил(
Понимаю лучше, чем пишу)
Подскажите, пожалуйста,
сейчас числитель или знаменатель?
```

అందరికీ హాయ్, నన్ను హర్ష అంటారు, ఇండియా నుంచి, విజయవాడ నుంచి. మీతో చదవబోతున్నా. నిన్ననే వచ్చా, మొదటి వారం పోయింది, దిగులు బ్రాకెట్టు. రాసేదానికన్నా బాగా అర్థమవుతుంది, నవ్వు బ్రాకెట్టు. ఇప్పుడు లవమా హారమా, కాస్త చెప్పరూ. 'ప్రియేఖల్', 'ప్రపుస్తీల్' అని రెండు మగ క్రియలు పడ్డాయి కాబట్టి పేరు గొడవ లేదు. తెలియనివాళ్లందరినీ కలిపి పలకరిస్తున్నాడు కాబట్టి పద్‌స్కజీతెలో బహువచనం, ఒక్కరినే అడిగితే పద్‌స్కజీ.

కురాతర్ ఉన్న చాట్ అయితే బ్రాకెట్లు తీసేసి, ఇంటిపేరు కలిపి, టీచర్‌ను పూర్తి పేరుతో పిలవాలి:

```
Здравствуйте! Меня зовут Харша Вемури,
я новый студент группы.
Елена Викторовна, документы принесу завтра.
```

నమస్కారం, నా పేరు హర్ష వేమూరి, గ్రూపులో కొత్త విద్యార్థిని, ఎలీనా విక్తరవ్నా, కాగితాలు రేపు తెస్తాను అని.

పంపే వేళ గురించి ఒక మాట. ఇంకా ఇండియాలో ఉండగానే చాట్‌లో చేర్చితే గడియారం చూసుకోండి. మాస్కో మనకన్నా రెండున్నర గంటలు వెనక. ఉదయం ఆరింటికి కాఫీ తాగుతూ పంపితే అక్కడ తెల్లవారుజాము మూడున్నర. కజాన్‌లోనూ అదే సమయం. నవసిబీర్స్క్ అయితే మనకన్నా గంటన్నర ముందు. వాయిస్ మెసేజ్‌గా పరిచయం చేసుకోవద్దు, క్లాసులో కూర్చున్నవాళ్లు వినలేరు, తొందరలో ఉన్నవాళ్లు వినరు. పాస్‌పోర్టు, వీసా ఫోటోలు చాట్‌లో అసలు పెట్టవద్దు. స్తారస్తా వివరాలు అడిగితే 'నపిషీ వ్ ఎల్‌ఎస్' అంటుంది, ప్రైవేటుగా రాయి అని. చాలామంది దాన్ని కసురుకోవడం అనుకుంటారు, కాదు. పూర్తి పేరు, పుట్టిన తేదీ, ఫోన్ నంబరు ఇరవై మంది ముందు పెట్టకుండా ఆమె మిమ్మల్ని కాపాడుతోంది. అలాగని చాట్ జాబితా పట్టుకుని అమ్మాయిలందరికీ విడివిడిగా ప్రివ్యెత్ పంపేవాడి సంగతి సాయంత్రానికల్లా కురాతర్ లేని చాట్‌లో చర్చకొస్తుంది. ఇది మనవాళ్ల గురించి అక్కడ వినిపించే పెద్ద ఫిర్యాదు, వినడానికి సిగ్గుగా ఉంటుంది.

పంపాక వచ్చే జవాబుల్లోంచి మెసేజ్ ఎలా చేరిందో తెలిసిపోతుంది. తోటివాళ్లు మీతో 'వీ' అని మాట్లాడితే మీ మెసేజ్ మరీ ఆఫీసు భాషలో ఉందన్నమాట, ఎవరో పెద్దాయన వచ్చాడనుకున్నారు. మీరు 'తీ' అని రాస్తే రెండు మెసేజ్‌లలో అదే సర్దుకుంటుంది. 'నువ్వు వచ్చావు' అన్న మాటను ఆడ రూపంలో రాశారంటే లింగం తారుమారైంది. తర్వాతి మెసేజ్‌లో 'పోన్యల్' అని మగ రూపంతో రాస్తే చాలు, వివరణలు అక్కర్లేదు. ఉత్త ప్రశ్నార్థకం వస్తే వాక్యం అర్థం కాలేదని, దాన్నే చిన్నదిగా మళ్లీ రాయాలి. 'ఎతో క్తో?' అంటే ఎవరీ మనిషి అని అడుగుతున్నారు, ప్రొఫైల్ పేరు మార్చాల్సిన సమయం వచ్చింది.

హర్ష పంపిన నాలుగు నిమిషాలకు నికీతా అనేవాడి నుంచి వచ్చింది: `Привет) Знаменатель`, అంటే హాయ్, హారం. దాని కింద స్తారస్తా ఇంకో లైను పెట్టింది, మొదటి పారా రెండో కోర్పుస్‌లో, అంటే రెండో భవనంలో, మూడో అంతస్తు అని. ఎవరో రెండు హార్ట్‌లు పెట్టారు. హర్ష 'స్పసీబా' అని టైప్ చేసి, చివర చుక్క పెట్టబోయి తీసేసి, బ్రాకెట్టు పెట్టాడు. రాత్రి పదింటికి స్తారస్తా మళ్లీ రాసింది, రేపు వచ్చేవాళ్లు ప్లస్ పెట్టండి అని. ఒకదాని కింద ఒకటి ప్లస్‌లు పడుతున్నాయి. పదకొండోది హర్షది.